లెక్కల మూల: అరవై మీటర్ల కంచెకు ఎంత నేల?

ప్లస్ టూ చదివే మన పిల్లలు డిఫరెన్షియేషన్ దాకా బాగానే వస్తారు. సూత్రం ఇస్తే తేల్చేస్తారు. "గరిష్ఠం ఎంత, కనిష్ఠం ఎంత" అనే లెక్కలు మొదలయ్యేసరికి మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడ సూత్రం ఎవరూ ఇవ్వరు, మనమే రాసుకోవాలి. అందుకని ఈ నెల ఒకే ఒక్క లెక్క తీసుకుని నిదానంగా చూద్దాం.

లెక్క నాది కాదు, మా వీథి పెద్దాయనది. మిల్లులో పని మానేసినాక కావేరిపాక్కం చెరువు కింద ఉన్న కయ్యలో కూరగాయలు పెట్టినాడు. మొలక పైకి రాగానే మేకలు మేసిపోతున్నాయి. చేతిలో ఉన్న డబ్బుకు 60 మీటర్ల కంచె వల మాత్రమే వస్తుంది. కయ్యకు ఒక పక్క తమ్ముడి కాంపౌండు గోడ పొడుగ్గా ఉంది, ఆ పక్క వల అక్కర్లేదు. మిగతా మూడు పక్కలా కట్టాలి. "ఏమ్మా, ఎట్ల కడితే ఎక్కువ నేల లోపలికొస్తుంది?" అని మనవరాలిని అడిగినాడు. "చదరంగా కట్టు తాతా, చదరమే కదా పెద్దది" అనింది ఆ పిల్ల.

నాలుగు పక్కలా కంచె కట్టేటప్పుడు ఆ మాట నిజమే. 60 మీటర్లతో చదరం కడితే ఒక్కో పక్క 15, లోపలి నేల 225 చదరపు మీటర్లు, అంటే సుమారు ఐదున్నర సెంట్లు. కానీ ఇక్కడ ఒక పక్క గోడ ఉంది. ఇప్పుడు చదరం కడితే పక్కకు 20 చొప్పున 400 వస్తుంది. ఇంతకంటే ఎక్కువ రాదా?

గోడ నుంచి బయటికి వచ్చే రెండు పక్కల కొలతను x అనుకుందాం. ఆ రెండిటికీ 2x మీటర్లు పోతే, గోడకు ఎదురుగా ఉండే పొడుగు పక్కకు మిగిలేది 60 − 2x. లోపలి నేల A అయితే:

A = x(60 − 2x)

సగం లెక్క ఇక్కడే అయిపోయింది. x బదులు 5 వేస్తే 250, 10 వేస్తే 400, 15 వేస్తే 450, 20 వేస్తే మళ్ళీ 400, 25 వేస్తే 250. ఎక్కి దిగే గుట్ట మాదిరి ఉంది. శిఖరం 15 దగ్గర కనబడుతోంది. పెద్దాయనకు చదరం కంటే 50 చదరపు మీటర్లు, అంటే ఒకటింపావు సెంటుకు కొంచెం తక్కువ, కలిసొస్తుంది.

శిఖరం సరిగ్గా 15 దగ్గరే అని ఎట్ల తెలుస్తుంది? వెడల్పు 10 ఉన్నప్పుడు పొడుగు 40. వెడల్పును ఒక్క మీటరు జరిపితే పొడుగునా మీటరు వెడల్పు పట్టీ కలుస్తుంది, అంటే 40. కానీ రెండు పక్కలకూ ఒక్కో మీటరు వల కావాలి. ఆ రెండు మీటర్లూ పొడుగులోంచే తీయాలి కాబట్టి 2 × 10 = 20 పోతుంది. రాబడి 40, పోబడి 20. మూల దగ్గర ఇంకో రెండు తగ్గి నిజంగా వచ్చేది 418. ఇంకా జరపడమే లాభం. అదే వెడల్పు 20 దగ్గర జరిపితే రాబడి 20, పోబడి 40. అక్కడ నష్టం.

ఏ x దగ్గరైనా రాబడి 60 − 2x, పోబడి 2x. మీటరుకు బదులు వెంట్రుకవాసి జరిపితే ఆ మూల తేడా లెక్కలోకే రాదు. రాబడిలోంచి పోబడి తీసేస్తే మిగిలేదే పుస్తకంలో ఉండే డెరివేటివ్:

dA/dx = 60 − 4x

రాబడి పోబడి సమానమైన చోట ఇది సున్నా అవుతుంది. x = 15, పొడుగు 30. రెండో డెరివేటివ్ −4, మైనస్ కాబట్టి అది శిఖరమే, పల్లం కాదు. పొడుగు వెడల్పుకు రెండింతలు రావడం చూడండి. వలలో సగం పొడుగు పక్కకు, సగం రెండు అడ్డపక్కలకు పోయింది.

కంచె పాతేవాళ్ళకు పనికొచ్చే మాట ఇంకొకటి. శిఖరం దగ్గర గుట్ట చదునుగా ఉంటుంది. x ను 14 చేసినా 448 వస్తుంది, పోయేది రెండే. 13 చేస్తే 442. కాబట్టి బండ అడ్డొచ్చి రాతి కూసం ఒక మీటరు జరగాల్సి వస్తే దిగులు పడనక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోటు. గోడ 30 మీటర్లు ఉంటేనే ఈ జవాబు పనికొస్తుంది. గోడ 12 మీటర్లే ఉంటే? సున్నా చేసి 15 అని రాసి లేచిపోతే కయ్యలో 18 మీటర్లు తెరిచే ఉంటుంది. మేకలకు అది చాలు. గోడ ఎంతుందో అంతే పొడుగు పెట్టుకుంటే 12 × 24 = 288. అట్ల కాకుండా గోడ దాటి కూడా వల కడదాం. అప్పుడు గోడ ఇచ్చే 12 మీటర్లను వలలో కలిపేసుకుంటే నాలుగు పక్కలా కలిపి 72 మీటర్లు అవుతుంది. నాలుగు పక్కలన్నాక చదరమే పెద్దది: పక్కకు 18, నేల 324. మనవరాలి మాట ఇక్కడ సరిపోయింది. అందుకే x ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోవచ్చో ముందే రాసుకోవాలి. సున్నా వచ్చిన చోటు ఆ హద్దు బయట పడితే దాన్ని వదిలేసి హద్దుల దగ్గర చూడాలి.

తమిళనాడు ప్లస్ టూ పుస్తకంలో ఇదే లెక్క తలకిందులుగా ఉంటుంది. ఏటి పక్కన 1,80,000 చదరపు మీటర్ల మేత బీడు కావాలి, ఏటి వైపు కంచె అక్కర్లేదు, తక్కువలో తక్కువ కంచె ఎంత? ఇక్కడ నేల కట్టడి, కంచె తగ్గించాలి. పొడుగు 180000/x అవుతుంది కాబట్టి కంచె పొడవు:

L = 2x + 180000/x

డెరివేటివ్ 2 − 180000/x². సున్నా చేస్తే x² = 90000, x = 300. పొడుగు 600, మళ్ళీ రెండింతలే. రెండో డెరివేటివ్ ప్లస్ వస్తుంది కాబట్టి ఇది పల్లం. అడిగింది కంచె పొడవు గనుక జవాబు 1200 మీటర్లు. చాలామంది 300 దగ్గరే ఆపేస్తారు. ప్రశ్న ఏం అడిగిందో చివర్లో ఇంకోసారి చదవమని పిల్లలకు చెప్పండి.

ఈ నెల లెక్క: రెండు గోడలు మూలమట్టంగా కలిసే మూల ఉంది, రెండూ పొడుగైనవే. వల 40 మీటర్లు. మిగతా రెండు పక్కలా కడితే ఎక్కువలో ఎక్కువ ఎంత నేల వస్తుంది? ఆ గోడల్లో ఒకటి 15 మీటర్లే ఉండి, దాన్ని దాటి వల కట్టే వీలు లేకపోతే ఎంత? జవాబు వచ్చే సంచికలో.