రోజుకి రెండు వేలే కదా!

మా అత్తయ్యగారు బాత్రూములో జారిపడిన రోజు నుంచి ఇంట్లో ఎవరు వచ్చినా ముందు ఆవిడ కాలు గురించి అడుగుతారు, తర్వాత మెల్లిగా గొంతు తగ్గించి "ఇన్సూరెన్సు ఉందిగా, మొత్తం వచ్చేసిందా?" అంటారు. మొదట్లో "ఆ, వచ్చింది" అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ లెక్క చెబుతున్నాను. మీకూ చెబుతాను, కాఫీ మాత్రం మీరే కలుపుకోండి.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి కృత్రిమ బంతి వేయాలన్నారు. మా వారు ఊళ్ళో లేరు. నేనూ మా మరిదీ విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. ఆవిడని స్ట్రెచర్ మీద ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర అమ్మాయి "షేరింగ్ రూమా, సింగిల్ రూమా?" అని అడిగింది. షేరింగ్ గది నర్సింగుతో కలిపి రోజుకి 3,000, సింగిల్ 5,000. మా మరిది నా వైపు చూసి "వదినా, అమ్మ ఇంకొకళ్ళ పక్కన ఉండలేదు. రోజుకి రెండు వేలే కదా తేడా, అయిదు రోజులకి పదివేలు. అది నేను కట్టేస్తాను" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఈ వ్యాసంలో తప్పు అతనిదని ఎక్కడైనా అనిపిస్తే గుర్తు పెట్టుకోండి, ఆ మాటకి తలూపిన దాన్ని నేనే.

మా పాలసీ మూడు లక్షలకి. అందులో గది అద్దె పరిమితి రోజుకి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 3,000. ఐసీయూ అయితే రెండు శాతం, 6,000. పైగా అరవై దాటాక తీసుకున్న పాలసీ కాబట్టి ప్రతి క్లెయిములోనూ ఇరవై శాతం మనమే పెట్టుకోవాలి. దాన్నే కో-పేమెంట్ అంటారు. ఈ రెండూ మాకు తెలియకుండా పెట్టినవేం కావు. తీసుకున్నప్పుడు ప్రీమియం తక్కువ అని మేమే మురిసిపోయాం.

అయిదో రోజు డిశ్చార్జి. బిల్లు 2,50,000. ఇన్సూరెన్సు డెస్కు అతను ఒక కాగితం ఇచ్చి "మీరు 1,34,800 కట్టాలండీ" అన్నాడు. తప్పు బిల్లు ఇచ్చాడేమోనని పేరు మళ్ళీ చదివాను. మా అత్తయ్య పేరే. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన ఎఫ్.డి. ఆ సాయంత్రం విడిపించి కట్టి, ఆవిడని ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ కాగితంలో ఒక వరుస "ప్రపోర్షనేట్ డిడక్షన్" అని ఉంది. దామాషా కోత. అదేమిటో అర్థం చేసుకోవడానికి నాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది.

గది పరిమితి దాటితే దాటిన రెండు వేలు మాత్రమే మన నెత్తిన పడతాయని మనందరం అనుకుంటాం. అలా కాదు. 5,000 గదిలో ఉండి మీకు అర్హత 3,000కే ఉంటే, మీరు అర్హతగా వాడుకున్నది అరవై శాతమే అని లెక్క. ఆ అరవై శాతం గది దగ్గర ఆగదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ, రోజూ వచ్చి చూసే డాక్టర్ల ఛార్జీలు అన్నిటికీ వాళ్ళు అరవై శాతమే ఇస్తారు.

ఎందుకిలా అని మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆసుపత్రి ధరల పట్టిక అడిగి తీసుకుని చూస్తే సగం మంట చల్లారింది. అదే సర్జన్, అదే థియేటర్, అదే కత్తి, కానీ షేరింగ్ గది పేషెంటుకి ఒక రేటు, సింగిల్ గదికి ఇంకో రేటు, డీలక్సుకి మరో రేటు! పెద్ద గది తీసుకుంటే బిల్లంతా పెరుగుతుంది కాబట్టి ఆ పెరుగుదల మేం మోయం అంటుంది కంపెనీ. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నన్నడిగితే అసలు వింత గదిని బట్టి ఆపరేషన్ రేటు మారడంలోనే ఉంది. పట్టుచీర కట్టుకొచ్చిన వాళ్ళకి కిలో కందిపప్పు ఎక్కువ ధరకి అమ్మినట్టు.

అయితే ఈ కోతకి ఒక హద్దు ఉంది, అక్కడే మాకు తప్పు లెక్క వేశారు. బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మందులు, వాడి పారేసే సామాన్లు, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు, పరికరాలు, రక్తపరీక్షలు, స్కానింగుల వంటి వాటిని ఈ దామాషా కోతలోకి లాగకూడదని ఉంది. మాత్ర ధర గదిని బట్టి మారదు కదా. ఐసీయూ ఛార్జీలకి కూడా ఈ కోత వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే, ఆ మారని ఛార్జీల మీద కోత వేయకూడదు. మా పాలసీ పుస్తకంలో నిర్వచనాల పేజీలో "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" అన్న మాట కింద ఇదే రాసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చదివితేగానీ కనబడనంత చిన్న అక్షరాల్లో.

సరే, నోటు పుస్తకం తీశాను. గది అద్దె అయిదు రోజులకి 25,000. సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, డాక్టర్ల రాకపోకలు కలిపి 1,20,000. మందులు, పరీక్షలు 40,000. ఇంప్లాంటు 55,000. గ్లవుజులు, డైపర్లు, ఫైలు ఛార్జీ లాంటి, మా పాలసీలో రాని చిల్లర సామాను 10,000.

ఆ చివరి పదివేలు మనవే, దాని మీద వాదన లేదు. మిగిలిన 2,40,000 మొత్తానికీ వాళ్ళు అరవై శాతం వేసి 1,44,000 అన్నారు. అందులో ఇరవై శాతం కో-పేమెంట్ తీసేసి 1,15,200 ఇచ్చారు. కానీ నిబంధన ప్రకారం వేస్తే గదికి 15,000, డాక్టర్లకీ థియేటర్‌కీ కలిపి 72,000, మందులూ పరీక్షలూ పూర్తిగా 40,000, ఇంప్లాంటు పూర్తిగా 55,000. మొత్తం 1,82,000. ఇరవై శాతం, అంటే 36,400 పోగా 1,45,600 రావాలి. తేడా 30,400! మూడుసార్లు కూడాను. మూడోసారి మా అమ్మాయి చేత కూడించాను.

కో-పేమెంట్ ఎక్కడ పడుతుందో చూశారా? బిల్లు మొత్తం మీద కాదు, కోతలన్నీ పోయాక మిగిలిన దాని మీద. నాకు తెలిసినావిడ ఒకరు 2,50,000లో ఇరవై శాతం అంటే యాభై వేలు చేతిలో ఉంటే చాలనుకుని ఆసుపత్రికి వెళ్ళారట. కోతలు పోయాక మీద ఇరవై శాతం పడుతుంది కానీ, ఆ కోతలు కూడా మనమే కట్టాలి. రెండూ కలిపి చూసుకోవాలి.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిలు పెట్టాం. కోపం ఏమీ రాయలేదు. వరుసవారీ బిల్లు, కట్టిన రసీదు, ఇంప్లాంటు స్టిక్కరు, ఆ నిర్వచనం ఉన్న పేజీ ఫోటో జతచేసి, "మందులు, పరీక్షలు, ఇంప్లాంటు కలిపి 95,000 మీద నలభై శాతం కోత వేశారు, అది మీ పాలసీ ప్రకారమే చెల్లదు" అని నాలుగు వాక్యాలు. డిశ్చార్జి రోజు ఇచ్చే ఒక పేజీ బిల్లుతో ఈ పని జరగదు. ఏ మందుకి ఎంత, ఏ పరీక్షకి ఎంత అని విడివిడిగా ఉన్న పెద్ద బిల్లు అడిగి తీసుకోవాలి. కంపెనీ ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది, ఫీజు లేదు, ఏడాదిలోపు వెళ్ళాలి. మాకు అంత దూరం రాలేదు. మూడు వారాలకి 30,400 ఖాతాలో పడ్డాయి, క్షమాపణ లాంటి వాక్యం ఒక్కటీ లేకుండా.

ఇంతా చేసి మా చేతి నుంచి పోయింది 1,04,400. ఇది న్యాయంగా మాదే. ఇక్కడే నాకు ఇంకా మింగుడు పడనిది ఉంది. షేరింగ్ గది తీసుకుని ఉంటే, డాక్టర్ల రేట్లు ఒక్క రూపాయి తగ్గకపోయినా సరే, బిల్లు 2,40,000 అయ్యేది. కంపెనీ 1,84,000 ఇచ్చేది. మేం కట్టాల్సింది 56,000. అంటే మా మరిది "పదివేలు" అన్న ఆ గది ఖరీదు 48,400. ఆ పట్టిక ప్రకారం రేట్లు తగ్గుతాయి కూడా, కాబట్టి ఇంకాస్త ఎక్కువే.

నా అభిప్రాయం ఏమిటంటే, ఆ ఒక్క ముక్క అడ్మిషన్ కౌంటర్ దగ్గరే చెప్పాలి. పాలసీ కార్డు చూసుకునే కదా చేర్చుకున్నారు? "మీ పరిమితి ఇంత, ఈ గదికి వెళితే డాక్టర్ల ఫీజుల్లో కూడా కోత పడుతుంది" అని ఒక్క వాక్యం. స్ట్రెచర్ పక్కన నిలబడిన మనిషి పాలసీ నిర్వచనాలు గుర్తు తెచ్చుకోవాలనడం అన్యాయం. అక్కడ గది ఎంచుకునేది డబ్బు లెక్కతో కాదు, "అమ్మని జనరల్లో పడేశారు" అని చుట్టాలు అంటారనే భయంతో. కో-పేమెంట్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంత శాతం అని ముందే చెప్పారు, అంతే తీసుకున్నారు. దామాషా కోత అలా కాదు, మనం ఏం ఒప్పుకుంటున్నామో తెలియకుండానే ఒప్పుకునేస్తాం.

ఇంకో చిన్న మెలిక. మా పాలసీలో పరిమితి గదికీ నర్సింగుకీ కలిపి. కొన్ని ఆసుపత్రుల్లో గది 2,500 అని చెప్పి నర్సింగు 800 విడిగా వేస్తారు. పరిమితి లోపలే ఉన్నామనుకుంటాం, 300 దాటేసి ఉంటాం, కోత మొదలైపోయి ఉంటుంది. అందుకని ఇప్పుడు మా ఇన్సూరెన్సు కార్డు వెనక తెల్ల కాగితం అంటించి "గది + నర్సింగు = రోజుకి 3,000. దాటవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపల పెట్టాను. మా వారి పర్సులో ఒకటి, మరిది ఫోనులో దాని ఫోటో ఒకటి.

మరిది పదివేలూ పంపాడు. మిగతాది కూడా పంచుకుంటానని అన్నాడు, నెలనెలా కొంత వేస్తున్నాడు. అత్తయ్యకి ఈ లెక్కలేవీ చెప్పకూడదనుకున్నాం గానీ ఇంట్లో గోడలకి చెవులుంటాయి. నిన్న వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చి, నా నోటు పుస్తకం వైపు చూసి అన్నారు: "ఆ గదిలో ఏసీ కూడా నేను వేయనివ్వలేదు కదుటే అమ్మాయ్, చలేస్తోందని. పక్క మంచం మీద ఎవరైనా ఉంటే కాస్త మాట్లాడుకోవడానికైనా ఉండేది."