లఫ్జ్ గుర్తురాకపోతే నోరు మూసుకోవాలా?

మన ఇళ్లల్లో ఒక వింత రివాజు ఉంది. పిల్లాడు ఇంగ్లీషులో మాట్లాడుతూ ఒక లఫ్జ్ దగ్గర ఆగాడంటే చాలు, మజాక్ మొదలు. "ఇంత ఫీజు కట్టి చదివిస్తే ఇదా నీ ఇంగ్లీషు?" అని అబ్బా అంటారు. మామూ నవ్వుతాడు. పిల్లాడికి షరం వేసి నోరు మూసుకుంటాడు. మర్నాడు వాణ్ని తీసుకెళ్లి స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో వేస్తారు. అక్కడి ఉస్తాద్ ఒక పుస్తకం ఇచ్చి రోజుకు ఇరవై లఫ్జులు రట్టా కొట్టమంటాడు. రెండు నెలలు తిరిగేసరికి వాడికి వెయ్యి లఫ్జులు వచ్చేస్తాయి, ఆగిపోవడం మాత్రం పోదు.

పోదు ఎందుకంటే, మాట్లాడేటప్పుడు లఫ్జ్ మరిచిపోవడం అందరికీ జరుగుతుంది. మన అమ్మీలు సొంత జబాన్‌లోనే రోజుకు పదిసార్లు "వో క్యా బోల్తే ఉస్కూ" అంటారు. తెలుగు పక్కింటావిడ "అదేంటమ్మా, అదీ..." అంటుంది. అలా అని వాళ్లు ఆగిపోతారా? వస్తువు పేరు గుర్తురాకపోతే అది దేనికి పనికొస్తుందో చెప్తారు, ఎక్కడ ఉంటుందో చెప్తారు. ఎదుటివాళ్లు పట్టేసుకుంటారు. ఇదే హునర్‌ని మన పిల్లలు ఇంగ్లీషులో చూపిస్తే దాన్ని చేతగానితనం అంటున్నాం. నా కొట్లాట ఇక్కడే.

ఒక మిసాల్ తీసుకుందాం. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే ఏసీ మెకానిక్ కుర్రాడు వీడియోలో ఇంటర్వ్యూకు కూర్చున్నాడు. సముద్రం పక్కన బిల్డింగ్‌లో బయటి యూనిట్‌ని ఎలా చెక్ చేస్తావని అడిగారు. జవాబు వాడికి బాగా తెలుసు. ఉప్పుగాలికి స్టాండు, బోల్టులు తుప్పు పడతాయి, ముందు వాటినే చూడాలి. కానీ తుప్పుకు ఇంగ్లీషు లఫ్జ్ ఆ క్షణంలో జారిపోయింది. నోట్లోకి 'జంగ్' ఒక్కటే వస్తోంది. దాన్ని అలాగే తర్జుమా చేస్తే యుద్ధం అయి కూర్చుంటుంది.

ఇప్పుడు వాడి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఖామోష్‌గా ఉండిపోవడం. అప్పుడు ఎదుటివాడు వీడికి పని రాదనుకుంటాడు. రెండు, దగ్గరగా ఉందనిపించిన లఫ్జ్ ఏదో ఒకటి వాడేయడం. 'డర్ట్' అన్నాడనుకోండి, ఎదుటివాడు మురికి అనుకుంటాడు. మురికైతే నీళ్లు కొట్టి కడిగేస్తే పోతుంది, తుప్పు అలా పోదు. లఫ్జ్ దగ్గరిదే అయినా మతలబ్ పూర్తిగా మారిపోయింది. మూడోది వర్ణించి చెప్పడం: "ద బ్రౌన్ పౌడర్ దట్ కమ్స్ ఆన్ ఐరన్ వెన్ ఇట్ గెట్స్ వెట్." అవతలివాడు వెంటనే "రస్ట్?" అంటాడు. వీడు "యెస్, రస్ట్. ఐ చెక్ ద స్టాండ్ అండ్ ద బోల్ట్స్ ఫర్ రస్ట్" అని ముందుకు సాగిపోతాడు. పది సెకన్లలో మాటా నిలబడింది, పోయిన లఫ్జూ తిరిగొచ్చింది.

ఆ వాక్యం ఎలా కట్టాడో చూడండి. ముందు అది ఏ రకం వస్తువో చెప్పాడు: పౌడర్. తర్వాత దాని రంగు, అది ఎక్కడ వస్తుంది, ఎప్పుడు వస్తుంది. వర్ణన అంతా ఇంతే. 'థింగ్' అని మొదలుపెట్టి ఉంటే వినేవాడికి ఏ ఆధారమూ దొరికేది కాదు. పౌడర్, టూల్, ప్లేస్, పర్సన్, డిసీజ్, పేపర్ లాంటి రకాల పేర్లు ఒక ముప్పై వస్తే చాలు. రట్టా కొట్టించాలనుకుంటే ఆ ముప్పై కొట్టించండి.

మన పిల్లలు అసలు తట్టుకుని పడేది ఇంకోచోట. తెలుగులో వర్ణన ముందొస్తుంది, వస్తువు తర్వాత వస్తుంది: "తడిస్తే ఇనుముకు పట్టే పొడి." మన దక్కనీ కూడా అదే వరస: "లోహే కూ లగే సో పౌడర్." ఈ వరసలో ఆలోచించే పిల్లాడు ఇంగ్లీషులో "వెన్ వెట్, ఐరన్..." అని మొదలుపెట్టి దారి తప్పుతాడు. ఇంగ్లీషుకు వస్తువు ముందు రావాలి, వర్ణన దాని వెనక రావాలి. కితాబీ ఉర్దూలో ఈ వరస మనకు ఉండనే ఉంది: "వో పౌడర్ జో గీలే లోహే పర్ ఆతా హై." ఆ 'జో' ఉన్నచోట 'దట్', 'జిస్‌సే' ఉన్నచోట 'యూ యూజ్ టు', 'జహాఁ' ఉన్నచోట 'వేర్' పెడితే ఇంగ్లీషు వాక్యం తయారవుతుంది. ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో ఉర్దూ మానేయమని చెప్పే పెద్దలారా, మీరు ఎత్తిపారేస్తున్న నిచ్చెన ఇదే.

ఇది దొడ్డిదారి అనేవాళ్లకు ఒక మాట. 1980లో కెనడా పరిశోధకులు మైఖేల్ కెనాల్, మెరిల్ స్వెయిన్ భాషా సామర్థ్యంలో ఉండే భాగాలను లెక్కపెట్టినప్పుడు, మాట తడబడితే సర్దుకుని చెప్పగలగడాన్ని వ్యాకరణంతో పాటు విడి భాగంగా పెట్టారు. విదేశీ చదువుల కోసం మన పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ మార్కుల కొలతలు చదవండి. నాలుగు కొలతల్లో ఒకటి పదసంపద. అందులో నాలుగో బ్యాండ్ వాడు వేరే మాటల్లో చెప్పే ప్రయత్నం అరుదుగా చేస్తాడని, ఏడో బ్యాండ్ వాడు సమర్థంగా చెప్తాడని రాసి ఉంటుంది. పరీక్ష మార్కులిచ్చే పనికి ఇంట్లో మనం పరిహాసం ఇస్తున్నాం.

"ఇలా చుట్టుతిప్పి చెప్పడం అలవాటైతే అసలు లఫ్జులు ఎప్పుడు నేర్చుకుంటారు?" అని అడుగుతారు. తుప్పు మిసాల్‌లోనే జవాబు ఉంది. అవతలివాడు "రస్ట్?" అన్నప్పుడు వీడు దాన్ని అందుకుని అదే వాక్యంలో తిరిగి వాడాడు. అవసరం పడ్డ క్షణంలో చేతికొచ్చిన లఫ్జ్, పుస్తకం పట్టీలోని లఫ్జ్ కంటే గట్టిగా నిలుస్తుంది. షర్త్ ఒక్కటే. అవతలివాడు అందించిన లఫ్జ్‌ని వదిలేయకుండా వెంటనే ఒకసారి పలకాలి.

హద్దులూ ఉన్నాయి. మందుల పేర్లు, మోతాదులు, తేదీలు, డబ్బు లెక్కలు, పాస్‌పోర్టు నంబర్లు వర్ణించి చెప్పకూడదు. డాక్టర్ ముందు "ఆ తెల్ల గోలీ, పొద్దున వేసుకునేది" అంటే ప్రమాదం. తెల్లగోలీలు ఎన్నో ఉంటాయి. అక్కడ చీటీ తీసి చూపించాలి, లేదా గుర్తులేదని సాఫ్‌గా చెప్పాలి. వర్ణన కూడా రెండు చిన్న వాక్యాలు దాటకూడదు. వినేవాడు తప్పు లఫ్జ్ అందించినా, ఊరికే తల ఊపుతున్నా మాట అందలేదని అర్థం. మర్యాదకు "యెస్" అనకుండా "నో, నాట్ దట్" అని ఇంకో గుర్తు చెప్పాలి. అప్పటికీ అందకపోతే, అవతల కూర్చున్నాయనకు ఉర్దూ, హిందీ తెలుసేమో అడిగి 'జంగ్' అనేయడంలో తప్పేమీ లేదు. గల్ఫ్‌లో సూపర్‌వైజర్లలో ఆ జబాన్ తెలిసినవాళ్లు బోలెడంతమంది.

కోచింగ్ నడిపే ఉస్తాద్‌లారా, ఇరవై లఫ్జుల పట్టీ పక్కన పెట్టి క్లాసులో రోజూ ఐదు వస్తువులు పేరు చెప్పకుండా చెప్పించండి. తల్లిదండ్రులారా, దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లాడు ఆగితే నవ్వకండి, లఫ్జ్ అందించడానికీ తొందరపడకండి. "అది దేనికి వాడతారు బేటా?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి.