బీము కింది జాకీలు ఎన్నాళ్లు ఉండాలి?

"అన్నా, స్లాబు వేసి ఏడు రోజులైంది. రేపొచ్చి సెంట్రింగ్ మొత్తం విప్పుకుపోతానంటున్నాడు మేస్త్రీ. ఇంకా ఉంచితే కిరాయి పెరుగుతుందట. విప్పనివ్వాలా?" అని సోలాపూర్ నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది.

మొత్తం వద్దమ్మా. ఎందుకో చెప్తాను.

మీవి 10 అడుగులకు 14 అడుగుల గదులు రెండు. నడుమ గోడ లేదు, 14 అడుగుల బీము ఉంది. అయిదంగుళాల స్లాబు ఒక గదికే నాలుగు టన్నుల పైన తూగుతుంది. రెండు వైపుల బరువూ ఆ బీము మీదికే దిగుతుంది. అందుకే దానికి గడువు ఎక్కువ.

మామూలు సిమెంటుకు మన దేశపు ప్రమాణం ఇలా ఉంది. పిల్లర్ల పెట్టెలు, బీము పక్క చెక్కలు 16 నుంచి 24 గంటలకు తీయొచ్చు. అవి కాంక్రీటును పక్కకు జారకుండా పట్టుకుంటాయి తప్ప బరువు మోయవు. స్లాబు 4.5 మీటర్ల లోపు అయితే దాని జాకీలు 7 రోజులు ఉండాలి. మీ గదికి పొట్టి వైపు, అంటే 10 అడుగులే లెక్క. ఆరు మీటర్ల లోపు బీము జాకీలు మాత్రం 14 రోజులు ఉండాలి.

ఇప్పుడు సిమెంటు బస్తా చూడండి. పి.పి.సి. అని ఉంటే అందులో బూడిద కలిసి ఉంటుంది, మొదట్లో మెల్లగా గట్టిపడుతుంది. దానికి 7 రోజుల చోట 10, 14 రోజుల చోట 20 లెక్కపెట్టాలి. మీరు వాడింది అదే. రాత్రి చలి 15 డిగ్రీల కిందికి దిగితే ఇంకా ఆగాలి.

మరి రేపు ఏం ఇవ్వొచ్చు? స్లాబు రేకులు ఇవ్వొచ్చు. అయితే ఒక వరుస రేకులు తీయగానే అక్కడ జాకీ తిరిగి బిగించి, ఆ తర్వాతే రెండో వరుస ముట్టాలి. ఆ జాకీలు పదో రోజు దాకా ఉంటాయి. బీము అడుగు చెక్క, దాని జాకీలు ఇరవయ్యో రోజు దాకా కదలకూడదు. అవి నాలుగైదే కాబట్టి కిరాయి కూడా అంతంతే.

తీసేటప్పుడు బీముకు నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకు రావాలి. సజ్జాకైతే బయటి అంచు నుంచి గోడ వైపుకు. ఒక్కసారి సుత్తితో తన్నేయకుండా కొద్దికొద్దిగా సడలించాలి. అప్పటిదాకా పైన ఇటుకలు, ఇసుక కుప్పలు పోయనివ్వకండి.

జాకీ సడలించక ముందే బీము అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి కట్టండి. సడలించాక నడుమ దారం మీదికి బీము దిగుతున్నా, అడుగున సన్నని చీలిక కనిపించినా జాకీలు వెంటనే ఉన్నచోటే ఆనించి, ఇంజనీరును పిలవండి. బలవంతంగా పైకి మాత్రం ఎత్తకండి, చీలిక పెద్దదవుతుంది.