పోస్ట్ పెట్టేది వేరొకరు, మాట మాత్రం మీదే

గోనెగండ్లలో ఉంటూ ఎమ్మిగనూరు చేనేత దుప్పట్లు, టవళ్లు ఇన్‌స్టాలో అమ్ముతున్నారనుకుందాం. సరుకు తేవడం, పార్శిళ్లు కట్టడంతోనే పొద్దు గూకుతుంది. అందుకని సాయంత్రం రెండు గంటలు పోస్టులు పెట్టడానికి డిగ్రీ చదివే అమ్మాయిని పెట్టుకున్నారు. మూడో రోజే పేజీలో ఇలా కనిపించింది: ‘హాయ్ గాయ్స్! వరల్డ్ బెస్ట్ బెడ్‌షీట్స్, కలర్ గ్యారంటీ, ఈరోజే లాస్ట్!’

తప్పు ఆ అమ్మాయిది కాదు. మీరెలా మాట్లాడతారో మీకు తెలుసు గానీ, కాగితం మీద లేదు కదా!

ఒక పేజీ చాలు. ముందు పిలుపు రాయండి: కస్టమర్ ‘మీరు’, కామెంట్లలో ‘అక్కా’, ‘అన్నా’ సరే, ‘గాయ్స్’ వద్దు. తర్వాత వాడకూడని మాటలు: ‘బెస్ట్’, ‘గ్యారంటీ’, ‘లాస్ట్’. పక్కనే కారణం కూడా రాయాలి. రంగు దిగితే గ్యారంటీ అన్న మాటే స్క్రీన్‌షాటై మీ ముందుకొస్తుంది. కారణం తెలిస్తే, లిస్టులో లేని మాట వచ్చినా ఆ అమ్మాయే ఆగి ఆలోచిస్తుంది.

చివర్లో ఒక నమూనా పెట్టండి. పై పోస్టునే మీ మాటల్లో రాస్తే: ‘ఎమ్మిగనూరు చేనేత దుప్పటి, డబుల్ కాట్ సైజు. మొదటిసారి విడిగా ఉతకండి, కొంచెం రంగు దిగొచ్చు. ధర 950, పోస్టేజీ వేరు. మా దగ్గర 6 ఉన్నాయి.’ పది రూల్స్ కంటే ఈ ఒక్క నమూనా ఎక్కువ నేర్పుతుంది.

ఇక అనుమతి. ప్రతిదీ అడగమంటే మీకు పని తగ్గదు, ఏదీ అడగొద్దంటే పేరు పోతుంది. అందుకే మూడు గంపలుగా విడగొట్టండి. పాత ఫొటోలు, పండగ శుభాకాంక్షలు, పార్శిల్ వీడియోలు అడక్కుండా పెట్టొచ్చు. ధర, స్టాకు, ఆఫర్ ఉన్నవి మీరు చూశాకే. ఫిర్యాదు, డబ్బు వాపసు, ‘ఇది చేనేతేనా, మరమగ్గందా?’ అనే ప్రశ్నలకు మాత్రం మీరే జవాబివ్వాలి. మరమగ్గం గుడ్డను పొరపాటున చేనేత అన్నా అది అబద్ధమే. సరుకు రాగానే పుస్తకంలో ‘చే’, ‘మ’ అని గుర్తు పెట్టుకుంటే జవాబు వెతుక్కోనక్కర్లేదు.

టైమూ ముఖ్యమే. 6 గంటలకు ఫొటో, రాత ఒకే వాట్సాప్ మెసేజ్‌లో రావాలి. 7 లోపు ‘సరే’ అనో, దిద్దిన వాక్యమో పంపండి. మీరు బస్సులో ఉండి చూడకపోతే? ఆ రోజు మొదటి గంపలోంచి ఒకటి పెట్టాలి. జవాబు రాకపోవడం ‘సరే’ కాదు. ఇది కాగితం మీద తప్పకుండా ఉండాలి.

పాస్‌వర్డ్ చెప్పకండి. ఫేస్‌బుక్ పేజీకైతే సెట్టింగ్స్‌లో వేరే మనిషికి పోస్టులు పెట్టే వరకే అనుమతి ఇవ్వొచ్చు, మానేసిన రోజు తీసేయొచ్చు.

రెండు వారాలయ్యాక మీరు దిద్దినవన్నీ వరసగా చూడండి. ఒకే మాటను మూడుసార్లు దిద్దారంటే అది పేజీలో లేదన్నమాట, రాసేయండి. దిద్దుబాట్లు తగ్గే కొద్దీ రెండో గంపలోంచి ఒక్కొక్కటీ మొదటి గంపలోకి మార్చండి. మూడో గంప మాత్రం ఎప్పటికీ మీ దగ్గరే!