నలుగురి గంజి, నాలుగు వందల మంది గంజి

రంజాన్ నెలలో అస్ర్ నమాజు ముగిసేసరికి మా గోరంట్లలో పిల్లలు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని మస్జిద్ ఆవరణలో బారులు తీరుతారు. ఇఫ్తార్ గంజి కోసం వారి నిరీక్షణ. ఆ గంజిని ఇంట్లో నలుగురికి కాచడం ప్రతి గృహిణికీ తెలిసిన పనే. దానినే నాలుగు వందల మందికి కాచవలసి వచ్చినప్పుడు చాలామంది అన్నింటినీ నూరుతో హెచ్చించి ఊరుకుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే చేశాము. ఆనాడు గంజి నీళ్లగా మిగిలింది. చిక్కబరచాలని మంట పెంచితే అడుగంటింది. వాసన వీధి మలుపు దాకా వ్యాపించింది. ఆ పొరపాటు నుండి నేర్చుకున్న సంగతులను ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ఈ వంటలో మరే వంటలోనూ లేని చిక్కొకటి ఉంది. వండేవాడు ఉపవాసి. అవసరం ఉన్నప్పుడు నాలుక కొనతో రుచి చూసి ఉమ్మివేయడాన్ని, గొంతు దిగనంతవరకు, ధర్మవేత్తలు అనుమతించారు. అవసరం లేకుండా చేయడం మాత్రం అయిష్టకరం. కనుక మాటిమాటికీ రుచి చూసి దిద్దుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. రుచిని ముందటి రాత్రే చూసుకోవాలి. మరునాడు తక్కెడను నమ్ముకోవాలి.

ముందటి రాత్రి ఇఫ్తార్ అయ్యాక నలుగురికి సరిపడా గంజిని ఇంట్లో కాచండి. అయితే చేతి అంచనాతో కాదు, ప్రతిదీ తూచి కాచండి. మా కొలత ఇది: బియ్యపు నూక 100 గ్రాములు, పెసరపప్పు 25 గ్రాములు, ఖీమా 100 గ్రాములు, ఉల్లిపాయలు 100 గ్రాములు, నూనె రెండు పెద్ద చెంచాలు, అల్లం వెల్లుల్లి, పుదీన, చెక్క, రెండు లవంగాలు, నీళ్లు 1.3 లీటర్లు. అందరికీ నచ్చిన ఉప్పు 10 గ్రాములని తేలింది. కాగి దిగిన గంజి సుమారు 1.3 కిలోలు తూగింది. మరునాటి వంటకు ఆధారం ఈ చివరి రెండు అంకెలే.

ఉప్పును చెంచాలతో లెక్కపెట్టకూడదు. మెత్తని ఉప్పు తలకొట్టిన చిన్న చెంచాకు ఐదారు గ్రాములు ఉంటే, గోపురంగా తీస్తే దాదాపు రెట్టింపు అవుతుంది. కల్లుప్పు తూకం మరొక విధం. ఇంటి గిన్నెలో రెండు గ్రాముల తేడా పడితే ఎవరూ పట్టించుకోరు. నూరింతలైతే అదే 200 గ్రాములు. 130 కిలోల గంజికి కిలో ఉప్పు చాలినచోట 1.2 కిలోలు పడిందనుకోండి. దాన్ని సరిదిద్దడానికి ఉప్పులేని గంజి మరో 26 కిలోలు కాచి కలపాలి. బంగాళాదుంపలు వేస్తే ఉప్పు లాగేస్తాయన్న మాట ఇక్కడ అక్కరకు రాదు. అవి తాము పీల్చిన నీటితో పాటు ఆ నీటిలోని ఉప్పునే తీసుకుంటాయి, మిగిలిన గంజి మునుపటిలాగే ఉంటుంది. అందుకే తూచిన కిలోలో ముప్పావు కిలో మాత్రమే మొదట వేయాలి. మిగిలిన పావు కిలోను వేడినీటిలో కరిగించి పక్కన ఉంచుకోవాలి. బజారులో కొన్న అల్లం వెల్లుల్లి ముద్దలోనూ ఉప్పు ఉంటుందని మరువకూడదు.

ఇక నీళ్ల సంగతి. ఇంటి గిన్నెలో 1.3 లీటర్లు పోస్తే దాదాపు 300 మిల్లీలీటర్లు ఆవిరైపోయాయి. నూరింతల గంజి పట్టే డేగిశా ఇంటి గిన్నె ఆకారంలోనే ఉన్నా, దాని వెడల్పూ ఎత్తూ ఒక్కొక్కటి నాలుగున్నర రెట్లకు కాస్త పైన మాత్రమే పెరుగుతాయి. ఆవిరి లేచే మూతి వైశాల్యం 21 రెట్లే అవుతుంది. కాబట్టి మంట అదుపులో ఉంటే అంతే సేపట్లో పోయేది 30 లీటర్లు కాదు, ఆరున్నర లీటర్లు. పెద్ద పాత్ర రెట్టింపు సేపు వేడిగా ఉంటుంది గనుక 13 లీటర్లు పోతాయని అనుకోవచ్చు. అంటే 130 లీటర్లకు బదులు 113 లీటర్లు చాలు. ఆనాడు మా గంజి పలచబడిన రహస్యం ఇదే. మేము ఇప్పుడు 105 లీటర్లు పోసి, మరో 10 లీటర్లు విడిగా మరిగించి ఉంచుకుంటాము. చిక్కబడితే పోయవచ్చు, పోసినదాన్ని తీయలేము.

పూర్తయిన గంజి ఎక్కడి దాకా ఉండాలో ముందే తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. ఖాళీ డేగిశాలో బకెట్లతో కొలిచి 125 లీటర్ల నీళ్లు పోసి, కలిపే కర్రను నిలువుగా ముంచి తడి అంచు దగ్గర గాటు పెట్టండి. గంజి ఆ గాటుకు చేరాకే మిగిలిన ఉప్పునీరు కలపాలి. గాటుకు పైన ఉండగా కలిపితే, తరువాత ఇగిరేకొద్దీ ఉప్పెక్కుతుంది. మా ప్రాంతపు బోరునీటిలో లవణాలు అధికం, పైగా అటువంటి నీటిలో పప్పు త్వరగా ఉడకదు. శుద్ధిచేసిన క్యాన్ నీరు దొరికితే కనీసం పప్పు నానబెట్టడానికైనా దానినే వాడండి. పరీక్ష గంజిని ఏ నీటితో కాచారో మరునాడూ ఆ నీరే పోయాలి.

మిగిలినది మంట, కాలం. నూక గింజకు తానున్న పాత్ర ఎంత పెద్దదో తెలియదు. మరిగే నీటిలో దానికి పట్టే సమయం రెండు చోట్లా ఒక్కటే. పెరిగేది వేడెక్కే సమయం, చల్లారే సమయం. కట్టెల పొయ్యి మీద ఆ నీళ్లు మరగడానికే గంటకు పైగా పడుతుంది. దించాక కూడా డేగిశా చాలాసేపు సలసలలాడే వేడితోనే ఉండి గింజను ఉడికిస్తూనే ఉంటుంది. అందుకే ఇంట్లో 40 నిమిషాలు ఉడికించేవారు ఇక్కడ 30 నిమిషాలకే కట్టెలు వెనక్కి లాగాలి. గింజ మెత్తబడి, ఆకారం ఇంకా కనబడుతుండగానే ఆపాలి.

ఇఫ్తార్ ఆరున్నర ప్రాంతంలో అనుకుంటే, జుహర్ ముగిశాక రెండు గంటలకు పొయ్యి వెలిగించాలి. పది కిలోల ఉల్లిపాయలను ఒకేసారి వేస్తే అవి వేగవు, తమ నీటిలో తామే ఉడుకుతాయి. రెండు మూడు కిలోల చొప్పున వేయించాలి. నూనె రెండు లీటర్లు చాలు, ఎందుకంటే అడుగు నూరింతలు పెరగలేదు. చెక్క, లవంగాలు కూడా నూరింతలు వద్దు, మూడింట రెండు వంతులు సరిపోతాయి. నాలుగు గంటలకు నూక, పప్పు పడాలి. అక్కడి నుండి కర్ర అడుగును తాకుతూ తిరుగుతూనే ఉండాలి. కర్ర బరువెక్కినట్లు, అడుగున జిగురు తగిలినట్లు అనిపిస్తే అది అడుగంటడానికి తొలి సూచన. వెంటనే మంట తీసి, అడుగు గీకకుండా పై గంజిని వేరే పాత్రలోకి మార్చాలి. గీకితే ఆ వాసన మొత్తానికీ పడుతుంది.

ఐదుంబావుకు గంజి గాటు దగ్గరికి చేరుతుంది. చివరి ఉప్పునీరు కలిపి, అడుగు నుండి పైదాకా పది నిమిషాలు కలియబెట్టి, ఉపవాసం ఇంకా విధి కాని ఒక పిల్లవాడికి చిన్న గిన్నెలో చల్లార్చి ఇవ్వండి. మా మద్రసాలో ఆ పని కోసం పోటీ పడతారు. వాడు మారు మాట్లాడకుండా రెండోసారి గిన్నె చాచితే, నిన్న రాత్రి తూచిన తూకం సరైనదని అర్థం.