తెర మీద వంద, తలుపు దగ్గర ముప్పై మూడు

ఇంటర్‌లోనో బీఎస్సీలోనో లవణ విశ్లేషణ చేసినవాళ్ళకి కిప్స్ ఉపకరణం, దాని వెంట వచ్చే కుళ్ళిన గుడ్ల వాసన గుర్తుండే ఉంటాయి. మన కాలేజీల్లో చాలాచోట్ల దానికి విరుగుడు కిటికీలు తెరవడం, గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యడం, అంతే. అమెరికాలో కెమిస్ట్రీ ల్యాబులో అడుగు పెడితే మాత్రం మొదటి రోజే ఫ్యూమ్ హుడ్ ముందు నిలబెట్టి పాఠం చెబుతారు. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు దీన్నే ఫ్యూమ్ కబోర్డ్ అంటారు. మన పాఠకుల్లో ల్యాబ్ ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లలు యూనివర్సిటీ ల్యాబుల్లో చేరినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ నెల దీని సంగతే మాట్లాడుకుందాం.

చూడ్డానికి ఇది పెద్ద అలమారలా ఉంటుంది. ముందువైపు పైకీ కిందికీ జరిగే గాజు తలుపు ఒకటి ఉంటుంది, దాన్ని సాష్ అంటారు. మిడ్డే మీద ఉండే ఫ్యాను లోపలి గాలిని గొట్టాల గుండా లాగి ఆకాశంలోకి వదిలేస్తుంది. మన వంటింటి చిమ్నీ పొయ్యి పైనుంచి పొగని పట్టుకుంటుంది. హుడ్ అలా కాదు. గదిలోని గాలి మన వెనకనుంచి వచ్చి, మనల్ని దాటుకుని, సాష్ కింద ఉన్న సందులోంచి లోపలికి పోతూ ఉంటుంది. లోపలి ఆవిరి ఆ గాలికి ఎదురీది బయటికి రాకూడదు, మన రక్షణంతా అందులోనే ఉంది. ఆ సందు దగ్గర గాలి లోపలికి పోయే వేగమే ఫేస్ వెలాసిటీ. అమెరికాలో ఎక్కువగా నిమిషానికి 100 అడుగుల దగ్గర ఉంచుతారు, అంటే సెకనుకి అర మీటరు. కాలిఫోర్నియాలో అయితే సగటు 100కి తగ్గకూడదనీ, ఏ ఒక్క చోటా 70కి తగ్గకూడదనీ నిబంధనే ఉంది.

100 అంటే పెద్ద వేగమేమీ కాదు. మనం మామూలుగా నడిచే నడకే నిమిషానికి 250 అడుగులుంటుంది. హుడ్ ముందునుంచి ఎవరైనా విసవిసా నడిచి వెళితే ఆ గాలికే లోపలి ఆవిరి కొంచెం బయటికి రాగలదు. అలాగని వేగం బాగా పెంచేస్తే మేలా అంటే అదీ కాదు. ఏటి మధ్య బండరాయి వెనక నీళ్ళు సుడి తిరిగినట్టు, హుడ్ ముందు నిలబడ్డ మనిషి ఛాతీ దగ్గర గాలి సుడి తిరిగి లోపలి ఆవిరిని ముఖం దాకా తెస్తుంది. అందుకని ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా 100 చుట్టూ పట్టి ఉంచాలి.

పాత హుడ్లలో సాష్ ఎక్కడున్నా ఫ్యాను ఒకే మొత్తం గాలి లాగేది. అలా లాగేది ఉత్త గాలి కాదు, చలికాలంలో హీటరు పెట్టి వేడి చేసిందీ, ఎండాకాలంలో ఏసీ పెట్టి చల్లబరిచిందీ. విషపు ఆవిరి కలిసి ఉండొచ్చు కాబట్టి దాన్ని మళ్ళీ గదిలోకి తిప్పడానికి లేదు, మొత్తం బయటికే. లారెన్స్ బర్కిలీ నేషనల్ లాబొరేటరీ వాళ్ళు కట్టిన లెక్కలో ఒక్క హుడ్డు వాడకం మూడిళ్ళ వాడకానికి పైనే తేలింది. హార్వర్డ్ లాంటి చోట్ల సాష్ దించమని ల్యాబుల మధ్య పోటీలు పెట్టింది అందుకే.

కానీ సాష్ దించినంత మాత్రాన ఖర్చు తగ్గదు. దించినట్టు ఫ్యాను వైపు తెలియాలి, గాలి తగ్గాలి. ఆ పని చేసేదే వేరియబుల్ ఎయిర్ వాల్యూమ్ పద్ధతి, వీఏవీ అంటారు. లెక్క చిన్నదే. సందు వెడల్పు 5 అడుగులు అనుకోండి. సాష్ 18 అంగుళాలు, అంటే అడుగున్నర తెరిస్తే సందు వైశాల్యం 7.5 చదరపు అడుగులు. వేగం 100 ఉండాలంటే నిమిషానికి 750 ఘనపు అడుగుల గాలి లాగాలి. సాష్‌ని 6 అంగుళాలకి దించితే సందు 2.5 చదరపు అడుగులే, 250 లాగితే చాలు. సాష్ ఎంత ఎత్తులో ఉందో ఒక సన్నటి తీగ కట్టిన సెన్సర్ చెబుతుంది. కంట్రోలర్ ఈ గుణకారం చేసుకుని, గొట్టంలో ఉన్న ఎయిర్ వాల్వ్‌ని అంతమేరకే తెరుస్తుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోవాలి. సాష్ ఒక్కసారి పైకెత్తినప్పుడు వాల్వ్ ఆలస్యం చేస్తే, ఆ కాసేపూ పెద్ద సందులోంచి కొంచెం గాలే లోపలికి పోతుంది. అందుకే సాష్‌ని మెల్లగా ఎత్తమంటారు.

పూర్తిగా మూసేస్తే సున్నాకి తగ్గించొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. లోపల సీసా ఒలికితే ఆ ఆవిరి అక్కడే పేరుకుని మంటకి సిద్ధంగా ఉంటుంది. అందుకని లోపలి గాలి గంటకి 150 నుంచి 375 సార్లు మారేలా ఒక కనీస మొత్తం ఉంచుతారు. మనం అనుకున్న హుడ్డు లోపలి పరిమాణం 40 ఘనపు అడుగులైతే, 375 సార్లకి నిమిషానికి సరిగ్గా 250 అవుతుంది. అంటే అంత కనీసం పెట్టిన చోట 6 అంగుళాల కిందికి దించితే గాలి ఇంక తగ్గదు. క్షేమం కోసం మూసెయ్యడం మంచిదే గానీ, కరెంటు ఆదా 6 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది.

గది సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. ల్యాబ్ గదిలోకి వచ్చే గాలి, పోయే గాలికంటే ఎప్పుడూ కొంచెం తక్కువ ఉండాలి. అప్పుడే వరండాలోని గాలి ల్యాబులోకి వస్తుంది గానీ ల్యాబులో వాసన వరండాలోకి పోదు. హుడ్డు 750 నుంచి 250కి తగ్గితే, పైకప్పులోంచి వచ్చే గాలి కూడా దానితోపాటే తగ్గాలి. తగ్గకపోతే ల్యాబు తలుపు దానంతట అదే వరండా వైపు తోసుకుంటుంది. బయటి గాలి రావడం ఆలస్యమైతే దీనికి తలకిందులు, తలుపు లాగడానికి రెండు చేతులూ కావాలి.

ఇంక ఈ లెక్క ఎక్కడ మోసం చేస్తుందో చూద్దాం. న్యూజెర్సీలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే నా స్నేహితురాలు ఒకామె, ఈ మధ్య తన హుడ్డు దగ్గర ట్రైఇథైలమీన్ వాసన వస్తోందని చెప్పింది. చేపల వాసనలా ఉంటుంది, ఇట్టే పట్టేయొచ్చు. హుడ్డు పక్కన చిన్న తెర మీద మాత్రం ఠంచనుగా 100 అంకె కనిపిస్తోంది, అలారం లేదు. పక్క బెంచీ అతను "అక్కా, నంబరు సరిగ్గానే ఉంది కదా, నీ ముక్కే పదును" అన్నాడట.

ఆమె రెండు పనులు చేసింది. సాష్ అంచుకి టిష్యూ కాగితం సన్నటి పీలిక ఒకటి అంటించింది. గాలి సరిగ్గా లాగుతుంటే ఆ పీలిక లోపలికి వంగి నిలబడాలి. 18 అంగుళాల దగ్గర అది ఉన్నచోటే వేలాడుతూ, అప్పుడప్పుడు బయటికీ ఊగింది. తరవాత సాష్‌ని నెమ్మదిగా కిందికీ పైకీ జరుపుతూ చెవి పెట్టి విన్నది. బాగున్న వీఏవీ హుడ్డులో సాష్ ఎత్తితే గాలి హోరు పెరగాలి, దించితే తగ్గాలి. ఈ హుడ్డులో హోరు మారనే లేదు. తెర మీద 100 కూడా కదల్లేదు.

టెక్నీషియన్ వచ్చి పైన పలక విప్పి చూస్తే, సాష్ ఎత్తు చెప్పే తీగ దాని చక్రం మీదనుంచి జారిపోయి ఉంది. సాష్ ఎక్కడున్నా కంట్రోలర్‌కి మాత్రం 6 అంగుళాల దగ్గరే ఉన్నట్టు తెలుస్తోంది. అందుకని 250 లాగి, 2.5 చేత భాగించి, వేగం 100 అని చూపిస్తోంది. నిజానికి సందు 7.5 చదరపు అడుగులు. 250ని 7.5 చేత భాగిస్తే 33! ఆ తెర మీది అంకెని ఎవరూ కొలవలేదు, కంట్రోలర్ లెక్క కట్టింది, అంతే. దాని లెక్కలో తప్పేమీ లేదు కాబట్టి అలారం మోగడానికి కారణమూ లేదు.

తీగ జారిపోయి, సాష్ బాగా తెరిచి ఉన్నట్టు కంట్రోలర్ అనుకుంటే ఆపద తక్కువ, కరెంటు దండగ, హోరు భరించలేం. అలాంటిదైతే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. నిశ్శబ్దంగా ఉండే రెండో రకం గురించే ఎవరూ పట్టించుకోరు. కొన్ని హుడ్లలో తీగ బదులు పక్క గోడలో చిన్న రంధ్రం ఉంటుంది, దాని గుండా పోయే గాలి వేగాన్ని ఒక వేడి సెన్సర్ కొలుస్తుంది. అది నిజంగా కొలిచేదే. కానీ దుమ్ము పట్టినా, ఎవరైనా ఆ రంధ్రానికి అడ్డంగా డబ్బా పెట్టినా అదీ తప్పే చెబుతుంది.

తీగ సరిచేశాక ఆమె హుడ్డు దగ్గర నిజంగానే 100 వచ్చింది, ఎనిమోమీటరుతో సందు అంతటా పది పన్నెండు చోట్ల కొలిచి చూశారు. అయినా ఎడమ మూలన పీలిక ఇంకా వణుకుతోంది. చూస్తే లోపల వెనక పలక కింది సందుకి అడ్డంగా సాల్వెంట్ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. గాలి ఆ సందులోంచే పోవాలి మరి. సీసాలు తీసి, మిగిలిన పరికరాన్ని సాష్ అంచునుంచి ఆరు అంగుళాలు లోపలికి జరిపితే పీలిక నిలబడింది. వేగం సరిపోయినా ఆవిరి లోపలే ఆగుతుందన్న హామీ లేదు, వేగం సగటు మాత్రమే. ఆగుతోందో లేదో తేల్చడానికి వేరే పరీక్ష ఉంది. లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వదిలి, మనిషి నిలబడే చోట బొమ్మని పెట్టి, దాని ముక్కు దగ్గర ఎంత గాసు దొరుకుతుందో కొలుస్తారు. అమెరికాలో ఆ పరీక్షని ఆష్‌రే 110 అంటారు.

టిష్యూ పీలిక అంటించేటప్పుడు గట్టిగా అంటించండి. ఊడి లోపలికి పోయిన కాగితాలు వెనక సందుకి అతుక్కుని, కొన్నాళ్ళకి గాలికే అడ్డు పడతాయి. హుడ్డు మీద ఏటా పరీక్ష చేసినట్టు అంటించే చీటీలో తేదీ, వేగంతోపాటు ఎంత ఎత్తు సాష్ దగ్గర కొలిచారో కూడా రాసి ఉంటుంది. 18 అంగుళాలకి రాసిన అంకె 28 అంగుళాలు ఎత్తి పనిచేసే మనిషికి పనికిరాదు. ఇక అలారం మోగినప్పుడు మ్యూట్ మీట నొక్కితే ఆగేది చప్పుడు మాత్రమే. ముందు సాష్ దించెయ్యాలి, వేడి పెట్టి ఉంటే కట్టెయ్యాలి, ఆ తరవాతే ఫోను చేసి ఫెసిలిటీస్ వాళ్ళని పిలవాలి. నా స్నేహితురాలు ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున సాష్‌ని ఒకసారి పైకీ కిందికీ ఆడించి, హోరు మారుతోందో లేదో విని గానీ సీసా మూత తియ్యదట. పక్క బెంచీ తమ్ముడు కూడా తన హుడ్డుకి ఒక పీలిక అడిగి పుచ్చుకున్నాడట.