పుట్టుమచ్చ తుడిచేసిన వీసా ఫోటో

మన చిమ్కోడ్ వదినగారొకరు కూతురి దగ్గరికి అమెరికా వెళ్లాలని స్టూడియోలో ఫోటో దిగారు. ఆ కుర్రవాడు చెయ్యి ఊరుకోక రంగు తేల్చాడు, గడ్డం మీది పుట్టుమచ్చ తుడిచేశాడు, వెనక గోడ తీసేసి తెలుపు నింపాడు. పెళ్లి సంబంధానికైతే సరే, వీసాకు వద్దన్నాను.

పాస్‌పోర్టుకు ఈ తంటా తక్కువ. పెద్దవాళ్లకు సేవా కేంద్రంలోనే ఫోటో తీస్తారు, నాలుగేళ్లలోపు పిల్లలకే మనం పట్టుకెళ్లాలి. అమెరికా వీసాకు మాత్రం ఫోటో మనదే. దాన్ని చదరంగా కత్తిరించవచ్చు, 600 నుంచి 1200 పిక్సెళ్లకూ 240 కేబీ లోపుకూ తగ్గించవచ్చు. మొహాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఆ మనిషే వచ్చారా అని పోల్చేది ఆ మొహంతోనే కదా!

గోడ మార్చిన సంగతి పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది, చెవి పక్క జుట్టు కత్తెరతో కోసినట్టుంటుంది. నిజంగా తెల్లగోడ ముందు, నీడ పడకుండా రెండడుగులు ఇవతల నిలబడితే ఆ పనే ఉండదు. కళ్లద్దాలు కూడా 2016 నవంబరు నుంచి కుదరవు. కంప్యూటర్లో చెరపకుండా, తీసేసి మళ్లీ దిగాలి.

వదినగారు సాయంత్రం మా వరండా గోడ ముందే దిగారు, మచ్చతో సహా. స్టూడియో డబ్బు మాత్రం తిరిగి రాలేదు.